నెత్తిమీది చుక్కలు: వెనుకకు జరిగిన ముందుజుట్టుకు సూక్ష్మ పచ్చబొట్టు



ఈ మధ్యకాలంలో నన్ను తరచుగా అడుగుతున్న ప్రశ్న ఒకటున్నది. "సార్, నుదుటిమీద జుట్టు వెనుకకు పోతున్నది. సూదితో చుక్కలు పెట్టి జుట్టున్నట్టే చేస్తరట గదా, నిజమేనా? ఎన్నేండ్లుంటది?" అడిగేవారిలో అధికులు పాతికేళ్ళ నుండి నలభయ్యేళ్ళ లోపు పురుషులు. కొందరి తరఫున వారి తల్లిదండ్రులు అడుగుతారు, ఎందుకంటే ఇంట్లో పెళ్ళి సంబంధాలు చూస్తూ ఉంటారు. ఈ పద్ధతి పేరు స్కాల్ప్ మైక్రోపిగ్మెంటేషన్. సంక్షిప్తంగా ఎస్‌ఎంపీ అంటారు. హైదరాబాదులో చాలాచోట్ల చేస్తున్నారు. దీనిని గురించి అనుకూలంగానో ప్రతికూలంగానో తీర్పు చెప్పడం నా ఉద్దేశం కాదు. చర్మంలో ఏమి జరుగుతుందో అర్థమైతే, ఎవరికి నప్పుతుందో ఎవరికి నప్పదో మీరే తేల్చుకోగలరు.

పేరులోనే దాగిన సంగతి

ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాలలో ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసినవారు రెండు రకాల మచ్చలను తప్పక చూసి ఉంటారు. ఒకటి, ఆదిలాబాద్ గూడేలలో వృద్ధ గోండు స్త్రీల నుదుటిమీద, చేతులమీద కనిపించే పచ్చబొట్టు. రెండవది, గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి ప్రాంతాల సింగరేణి కార్మికుల మోకాళ్ళమీద, ముంజేతులమీద కనిపించే నీలి గీత. గనిలో గాయమైనప్పుడు అందులో చిక్కుకున్న బొగ్గుధూళి గాయం మానిన తరువాత కూడా లోపలే ఉండిపోతుంది. ఈ రెండింటిలోనూ చర్మం కింద ఉన్నది నల్లని కర్బనమే. పచ్చబొట్టుకు వాడినది దీపపు మసి, గనిలో చేరినది బొగ్గు. పదార్థం నలుపే అయినా బయటికి మాత్రం ఆకుపచ్చగానో నీలంగానో కనిపిస్తుంది. మన పూర్వులు దానిని "నల్లబొట్టు" అనలేదు, "పచ్చబొట్టు" అన్నారు. కంటికి కనిపించినదే పేరయింది.

దీనికి కారణం చర్మం లోపల వెలుతురు ప్రవర్తించే తీరు. ఎరుపు కాంతి చర్మంలోకి లోతుగా దిగుతుంది, అక్కడున్న నల్లని కణాలు దానిని మింగివేస్తాయి. నీలి కాంతి అంత లోతుకు పోకముందే చర్మపు పోగులకు తగిలి వెనుకకు చెదిరిపోతుంది. ఆ విధంగా మన కంటికి చేరేది ఎక్కువగా నీలి కాంతి. కర్బనం ఎంత లోతున ఉంటే అంత నీలంగా కనిపిస్తుంది. పైపొరలకు దగ్గరగా ఉంటే బూడిద రంగుగా, నలుపుగా కనిపిస్తుంది.

ఎస్‌ఎంపీ మంచిచెడ్డలు చాలావరకు ఈ ఒక్క సూత్రంమీదనే ఆధారపడి ఉన్నాయి. ఇది కూడా ఒక పచ్చబొట్టే. అయితే పచ్చగా మారకుండా నిలవవలసిన పచ్చబొట్టు.

చేసేది ఏమిటి?

మన చర్మంలో పైచర్మం, లోచర్మం అని ముఖ్యంగా రెండు పొరలున్నాయి. పైచర్మం ఎప్పటికప్పుడు పొట్టుగా రాలిపోతూ కొన్ని వారాలలో పూర్తిగా కొత్తదవుతుంది. కనుక అక్కడ పెట్టిన రంగు నిలువదు. రంగు నిలిచేది లోచర్మంలో. ఎస్‌ఎంపీ చేసేవారు లోచర్మపు పైభాగంలో మాత్రమే, అనగా మిల్లీమీటరుకు అటూ ఇటూగా మాత్రమే, అతిసన్నని సూదితో ఒక్కొక్క చుక్కను పెట్టాలి. అంతకంటే పైన ఉంటే చుక్క కొద్ది వారాలలో మాయమవుతుంది. అంతకంటే లోతుగా పోతే నీలి రంగు తేలుతుంది, చుక్క అంచులు చెదిరి పక్కచుక్కతో కలిసిపోతుంది. పైగా తలచర్మం అంతటా ఒకే మందంగా ఉండదు. కణతల దగ్గర పలుచగా ఉంటుంది. నడినెత్తిన పనికివచ్చిన ఒత్తిడినే కణతలమీద కూడా వాడితే అక్కడి చుక్కలు పాకుతాయి. చెడిపోయిన పనులలో మొదట బయటపడేది కణతల దగ్గరనే.

సూది వల్ల ఉన్న జుట్టు కుదుళ్ళు చచ్చిపోవా అని కొందరు భయపడతారు. వెంట్రుక కుదురు అడుగుభాగం చర్మంలో మూడు నాలుగు మిల్లీమీటర్ల లోతున ఉంటుంది. సరిగా చేసిన పనిలో సూది అంత లోతుకు పోదు. అట్లాగే దీనివల్ల ఒక్క వెంట్రుక కూడా కొత్తగా మొలవదు, రాలుతున్న వెంట్రుక ఆగదు. ఇది వైద్యం కాదు, వర్ణచిత్రం. జుట్టు రాలడాన్ని నెమ్మదింపజేయడానికి మినాక్సిడిల్, ఫినాస్టరైడ్ వంటి మందులున్నాయి. వాటిని వైద్యుని సలహామీద వాడుతున్నవారు ఎస్‌ఎంపీ చేయించుకున్నారని ఆ మందులు మానవలసిన పనిలేదు. తలకు రాసే మినాక్సిడిల్‌ను మాత్రం సూది పడిన చోట చర్మం మానేవరకు ఆపాలి.

రంగు ఎంపిక కూడా ముఖ్యమే. కర్బనపు నలుపును పలుచన చేసి బూడిద ఛాయలుగా వాడడం మేలైన పద్ధతి. కనుబొమలకు వాడే గోధుమ రంగులను తలకు వాడితే చిక్కు వస్తుంది. ఆ రంగులు అనేక వర్ణాల మిశ్రమం. ఒక్కొక్క వర్ణం ఒక్కొక్క వేగంతో వెలిసిపోయి, చివరకు ఎరుపో నారింజయో మిగిలిపోతుంది.

చూడడానికి ఎట్లా ఉంటుంది?

వేములవాడ రాజన్నకు తలనీలాలు సమర్పించి వచ్చినవారి తలను రెండవనాడో మూడవనాడో గమనించండి. జుట్టున్నచోట నల్లని మొలకల చుక్కలు కనిపిస్తాయి. ముందుజుట్టు పోయినవారికైతే ఆ చుక్కల మేర ఒకచోట ఆగి, నుదుటివైపు నున్నని చర్మం మొదలవుతుంది. ఆ సరిహద్దు స్పష్టంగా తెలుస్తుంది. ఎస్‌ఎంపీ చేసే పని ఆ నున్నని భాగంలో అటువంటి చుక్కలనే నింపి సరిహద్దును చెరిపివేయడం. అనగా ఇది ఇచ్చేది జుట్టు రూపం కాదు, గొరిగిన మూడవనాటి గుండు రూపం.

ఈ వాక్యాన్ని పాఠకులు రెండవసారి చదవాలని నా కోరిక. ముందుజుట్టు పోయినచోట చుక్కలు పెట్టించి, వెనుక జుట్టును రెండు అంగుళాలు పెంచుకుంటే ముందు చదునుగా, వెనుక ఎత్తుగా ఉండి చుక్కలు బయటపడిపోతాయి. వెంట్రుకకు ఎత్తున్నది, నీడ ఉన్నది, చుక్కకు ఆ రెండూ లేవు. కనుక నుదుటి అంచు కోసం ఎస్‌ఎంపీ చేయించుకున్నవారు జీవితాంతం రెండు మూడు రోజులకొకసారి తలను ట్రిమ్మరుతో అడుగంటా కత్తిరించుకోవాలి లేదా గొరుక్కోవాలి. జుట్టు పలుచబడిందే తప్ప పూర్తిగా పోనివారికి మాత్రం వెంట్రుకల నడుమ చుక్కలు పెట్టి చర్మపు తెల్లదనాన్ని కప్పవచ్చు. అప్పుడు జుట్టు ఉంచుకోవచ్చు. కాని అటువంటివారు మొక్కుకో, తల్లిదండ్రుల కర్మకాండకో గుండు చేయించుకుంటే ఆ చుక్కలు అట్లాగే కనిపిస్తాయి. మంగలి కత్తికి అవి పోవు.

మరొక పరిమితి మెరుపు. తలకు నూనె పట్టించే అలవాటున్నవారి నెత్తి ఎండలో మెరుస్తుంది. నిజమైన మొలకలున్నచోట మెరుపు విరుగుతుంది, చుక్కలున్నచోట విరగదు. అందుచేత ఎస్‌ఎంపీ తరువాత నెత్తికి నూనె తగ్గించవలసి వస్తుంది.

గీత ఎక్కడ ఉండాలి?

మొదట ఒక చిన్న పరీక్ష. అద్దం ముందు నిలబడి కనుబొమలను పైకెత్తండి. నుదుటిమీద ముడుతలు పడతాయి. అన్నిటికంటే పైనున్న ముడుతను చూడండి. బాల్యంలో జుట్టు అంచు దాదాపు ఆ ముడుత దగ్గరనే ఉంటుంది. యౌవనం దాటేసరికి చాలామంది పురుషులకు ఆ అంచు సుమారు ఒక వేలి వెడల్పు పైకి జరిగి అక్కడ ఆగుతుంది. అది బట్టతల కాదు, వయసుకు తగిన అంచు. అంతకుమించి, ముఖ్యంగా కణతల దగ్గర, లోపలికి పోతుంటేనే బట్టతల మొదలయిందని అనుకోవాలి. ఈ పరీక్ష చేసుకున్నాక ఏ చికిత్సా అవసరం లేదని తేలి ఇంటికి పోయినవారు కూడా ఉన్నారు.

పురుషుల బట్టతల ఎట్లా ముదురుతుందో హామిల్టన్ అనే వైద్యుడు 1951లో దశలుగా వర్గీకరించాడు. 1975లో నార్వుడ్ దానిని సవరించాడు. నేటికీ ఆ కొలతనే వాడుతున్నాము. ఇది ఒకచోట ఆగే వ్యవహారం కాదన్నది అందులోని ముఖ్య విషయం. ఇరవై ఆరేళ్ళప్పుడు కణతలు మాత్రమే పోయిన మనిషికి నలభై అయిదు నాటికి నడినెత్తి కూడా పోవచ్చు. చుక్కలతో గీసిన అంచు మాత్రం గీసినచోటనే ఉంటుంది. ఇప్పటి ముఖానికి మాత్రమే సరిపడేటట్లు గీసిన అంచు రేపటి ముఖంమీద వింతగా మిగిలిపోతుంది.

ఒకరి విషయం

ఈ మాటలన్నీ ఒక మనిషిమీద ఎట్లా వర్తించాయో చెప్పనివ్వండి. గోదావరిఖని నుండి ఇరవై ఎనిమిదేళ్ళ అబ్బాయి ఒకడు తన తండ్రిని వెంటబెట్టుకొని వచ్చాడు. తండ్రి సింగరేణిలో పదవీ విరమణ చేసినవాడు. అబ్బాయి కణతలు రెండువైపులా లోతుగా పోయాయి, మధ్యలో ఒక ముక్క జుట్టు మిగిలింది. నార్వుడ్ లెక్కలో అది మూడవ దశ. ఫోనులో ఒక సినిమా నటుని బొమ్మ చూపి, "సార్, ఇట్ల తిన్నగ గీత గావాలె. సంబంధాలు చూస్తున్నరు" అన్నాడు.

తండ్రి తల చూశాను. నుదుటి నుండి నడినెత్తి దాకా జుట్టు లేదు. "ఎన్నో ఏట పోయింది?" అంటే, "నలభై దాటినంక మొత్తం పోయింది సార్" అన్నాడు. కొడుకుకూ ఆ దారే ఉండే అవకాశం ఎక్కువ. తండ్రి మోకాలి కింద నీలిగీత ఒకటి ఉంది. దానిని అబ్బాయికి చూపి, "ఇది ఏ రంగు?" అని అడిగాను. "నీలం సార్. బాపుకు గనిల దెబ్బ తాకినప్పటిది." "లోపల ఉన్నది నల్ల బొగ్గు. లోతుగా పోయింది గనుక నీలమయింది. నీ నెత్తిమీద సూది లోతుగా దిగితే ఇదే రంగు వస్తుంది" అన్నాను. అంతకంటే వివరంగా చెప్పవలసిన అవసరం కలుగలేదు.

తరువాత అతని తలచర్మాన్ని భూతద్దంతో పరీక్షించాను. నాలుగు సంగతులు చూశాను. జుట్టు పోయినచోట వెంట్రుక రంధ్రాలు కనిపిస్తున్నాయా? కనిపిస్తున్నాయి. అవి లేకుండా చర్మం నున్నగా మెరుస్తుంటే అది మామూలు బట్టతల కాక మచ్చ కట్టించే వ్యాధి కావచ్చు. కుదుళ్ళ చుట్టూ ఎరుపు, పొట్టు ఉన్నాయా? ఎరుపు లేదు కాని చుండ్రు గట్టిగా ఉంది. ఎడమ భుజంమీద బీసీజీ టీకా మచ్చ, ఛాతీమీద పాత మొటిమల మచ్చలు తమ హద్దు దాటి ఉబ్బి పెరిగాయా? లేదు. తలమీద పుట్టుమచ్చలున్నాయా? ఒకటి ఉంది. దానిమీద చుక్కలు పెట్టవద్దని చెప్పి, ఎక్కడున్నదో కాగితంమీద గుర్తు వేసి ఇచ్చాను. పుట్టుమచ్చ రంగో ఆకారమో మారితే కనిపెట్టాలి గదా, చుక్కల కింద అది దాగిపోకూడదు.

మొదట రెండు నెలలు చుండ్రుకు కీటోకొనజోల్ షాంపూ వాడించాను. ఆ రెండు నెలలూ తలను మూడురోజులకొకసారి అడుగంటా కత్తిరించుకోమన్నాను. గుండు ముఖంతో బతకడం తనకు ఇష్టమో కాదో ముందే తెలియాలి. ఆ పరీక్షకు డబ్బు ఖర్చు లేదు, నచ్చకపోతే జుట్టు మళ్ళీ పెరుగుతుంది. అతనికి నచ్చింది. హెపటైటిస్-బి, సి, హెచ్‌ఐవీ, చక్కెర పరీక్షలు చేయించాను, అన్నీ సవ్యంగా ఉన్నాయి. హెపటైటిస్-బి టీకాలు వేయించుకోవడం మొదలుపెట్టమన్నాను.

గీత విషయంలో కొంత వాదన జరిగింది. చివరకు అతడు ఒప్పుకున్నది ఇది: నుదుటిపై ముడుతకు ఒక వేలికంటె కొంచెం ఎక్కువ ఎత్తున అంచు, కణతల దగ్గర లోపలికి వంపు అట్లాగే ఉంచాలి, అంచు స్కేలు పెట్టి గీసినట్టు కాక ముందు వరుసలో చుక్కలు దూరదూరంగా, చిన్నవిగా, ఎగుడుదిగుడుగా ఉండాలి. నడినెత్తిన కూడా పలుచగా కొన్ని చుక్కలు వేయించాలి. ఎప్పుడో అక్కడ జుట్టు పోతే ముందుభాగం ఒక ద్వీపంలా మిగలకుండా ఉంటుంది.

డిసెంబరులో హైదరాబాదులో చేయించుకున్నాడు. ఆ నెలను ఎంచుకోవడానికి కారణం ఉంది. రామగుండం ఎండాకాలంలో కొత్త గాయంమీద చెమట, ఎండ రెండూ హానికరమే. మొదటి విడతకు తిమ్మిరి క్రీము రాసి నాలుగు గంటలు పట్టింది. చుక్కలు పలుచగా, అక్కడక్కడ వేశారు. రెండు వారాల తరువాత రెండవ విడతలో ఖాళీలు నింపారు. మరి మూడు వారాలకు మూడవ విడతలో అంచు సవరించారు. ఒకేరోజు అంతా పూర్తిచేస్తామని ఎవరైనా అంటే అనుమానించాలి. మొదటి చుక్కలు మానిన తరువాత ఎంత రంగు నిలిచిందో చూడకుండా రెండవ వరుస వేయడం చీకటిలో నడవడమే.

ప్రతి విడత తరువాత నాలుగురోజులు తలమీద నీళ్ళు పోసుకోలేదు. చెమట పట్టే పని, ఎండ మానుకున్నాడు. పక్కులను గోకలేదు. హెల్మెట్ రుద్దుకుంటుంది గనుక వారంపాటు బండి నడపకుండా బస్సులో తిరిగాడు. పదవరోజున భయపడి ఫోను చేశాడు: "సార్, చుక్కలన్ని తేలిపోతున్నయ్." పక్కులు రాలినప్పుడు పైచర్మంలోని రంగు కూడా పోయి చుక్కలు చిన్నవవుతాయి, పలుచబడతాయి. అది జరగవలసినదే. అసలు రంగు నెలరోజుల తరువాతనే తెలుస్తుంది.

అతడు మరొక ప్రశ్న కూడా అడిగాడు. "పిల్ల తరఫువాళ్ళకు చెప్పాల్నా సార్?" చెప్పమన్నాను. రెండు రోజులకొకసారి ట్రిమ్మరు తీసే మనిషి ఇంట్లో దాచగలిగే రహస్యం కాదిది. తరువాత తెలిస్తే జుట్టు సంగతి కాస్తా మాట సంగతి అవుతుంది. అతడు చెప్పాడు, పెళ్ళీ జరిగింది.

ఎంతకాలం నిలుస్తుంది?

ఆ అబ్బాయికి నాలుగవ ఏట కణతల దగ్గర రంగు పలుచబడింది. ఒక విడత పైపూత వేయించుకున్నాడు. సాధారణంగా మూడు నుండి అయిదు సంవత్సరాలకు ఇటువంటి పైపూత అవసరమవుతుంది. ఎండలో పనిచేసేవారికి ఇంకా ముందే రావచ్చు.

రంగు ఎందుకు నిలుస్తుంది, ఎందుకు వెలుస్తుంది అన్నదానికి సమాధానం మన రోగనిరోధక కణాలలో ఉన్నది. చర్మంలోకి వచ్చిన రంగు కణాలను మాక్రోఫేజ్‌లనే భక్షక కణాలు మింగి పెట్టుకుంటాయి. జీర్ణించుకోలేవు. ఆ కణం చనిపోయినప్పుడు రంగు బయటపడుతుంది, వెంటనే మరొక భక్షక కణం దానిని మింగుతుంది. 2018లో ఫ్రాన్సులోని మార్సెయ్ శాస్త్రవేత్తలు ఎలుకలలో ఈ చేతుల మార్పిడిని స్పష్టంగా చూపారు. అందుకే వృద్ధురాలి నుదుటి పచ్చబొట్టు అరవై ఏళ్ళయినా ఉంటుంది. అయితే ప్రతి మార్పిడిలో అతిచిన్న కణాలు కొన్ని శోషరస నాళాల ద్వారా తరలిపోతాయి, సూర్యకాంతి మరికొన్నింటిని విరగగొడుతుంది. ఎస్‌ఎంపీలో రంగు తక్కువ, పలుచన, పైపొరలో ఉంటుంది గనుక మార్పు త్వరగా కనిపిస్తుంది. "శాశ్వతం" అన్న మాటా పూర్తిగా నిజం కాదు, "కొన్నేళ్ళకు దానంతటదే పూర్తిగా పోతుంది" అన్న మాటా నిజం కాదు. వెలుస్తుంది, కాని ఆనవాలు మిగులుతుంది.

మరొక సంగతి నెరుపు. చుక్కలు నల్లగానే ఉంటాయి, చుట్టూ వెంట్రుకలు తెల్లబడతాయి. అందుకే పైపూత వేయించుకునే ప్రతిసారీ వయసును బట్టి మరింత పలుచని ఛాయ అడగాలి. ముదురు రంగు ఎప్పుడైనా కలపవచ్చు, తీసివేయడమే కష్టం.

పని చెడిందని ఎట్లా తెలుస్తుంది? నెలరోజులు దాటాక కూడా చుక్కలు విడివిడిగా కాక మసకగా కలిసి కనిపిస్తే, పగటి వెలుతురులో నీలం ఛాయ ఉంటే, అంచు టోపీ పెట్టినట్టు తిన్నగా ఉంటే పని చెడినట్టే. అప్పుడు దానిమీద మరిన్ని చుక్కలు వేసి కప్పిస్తామంటే ఒప్పుకోవద్దు. చర్మవైద్యుని దగ్గర 1064 నానోమీటర్ల క్యూ-స్విచ్డ్ ఎన్‌డీ-యాగ్ లేజరుతో కర్బనపు రంగును తగ్గించవచ్చు. మన చామనఛాయ చర్మానికి అనువైన తరంగమది. ఆరు నుండి ఎనిమిది వారాల ఎడంతో రెండు మూడు విడతలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పట్టవచ్చు. ఎర్రబడిన రంగులలో ఇనుప ఆక్సైడు ఉంటే లేజరు తగిలి నల్లబడే ప్రమాదమున్నది. అటువంటప్పుడు ముందుగా చిన్నచోట పరీక్షించి చూడాలి.

ఎవరు దూరంగా ఉండాలి?

గాయపు మచ్చ హద్దు దాటి ఉబ్బి పెరిగే కీలాయిడ్ స్వభావమున్నవారు ఈ జోలికి పోరాదు. వేలకొద్దీ సూదిపోట్లు వేలకొద్దీ గాయాలే. సోరియాసిస్, బొల్లి, లైకెన్ ప్లానస్ ఉన్నవారికి ఒక ప్రత్యేకమైన చిక్కున్నది: చర్మానికి దెబ్బ తగిలిన చోటనే ఆ వ్యాధి కొత్తగా లేవవచ్చు. వ్యాధి చురుకుగా ఉన్నప్పుడు అసలే వద్దు, నెమ్మదించినా చర్మవైద్యుడు ఒప్పుకుంటేనే.

మచ్చ కట్టించే జుట్టురాలుడు వ్యాధులున్నవారు మొదట వ్యాధికి చికిత్స పొందాలి. ముందుజుట్టు వెనుకకు పోవడంతోపాటు కనుబొమలు కూడా రాలుతుంటే, తలమీద మంట, నొప్పి ఉంటే, స్త్రీలకు నెలసరి ఆగిన వయసులో నుదుటి అంచు పట్టీలా వెనుకకు పోతుంటే అది వంశపారంపర్య బట్టతల అనుకోవద్దు. చిన్న ముక్క తీసి పరీక్ష చేయించవలసి రావచ్చు. చుక్కలతో కప్పితే వ్యాధి కింద సాగుతూనే ఉంటుంది. పేనుకొరుకుడు కొత్తగా పాకుతున్నవారు కూడా అది నిలకడకు వచ్చేవరకు ఆగాలి.

తలమీద కురుపులు, చీము పొక్కులు, తామర ఉన్నవారు అవి పూర్తిగా మానేదాకా ఆగాలి. చక్కెర అదుపులో లేనివారు, రోగనిరోధక శక్తిని అణచే మందులు వాడేవారు, గుండె కవాటాల జబ్బున్నవారు తమ వైద్యుని అడగకుండా చేయించుకోరాదు. రక్తం పలుచన చేసే మందులు వాడేవారికి సూది వెంట రక్తం ఊరి రంగును బయటికి తోసివేస్తుంది. దీనికోసం ఆ మందును సొంతంగా మానడం మాత్రం ప్రాణాపాయం. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాయిదా వేయాలి. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ వాడుతున్నవారు సంగతి ముందే చెప్పాలి. మందు ఆపిన తరువాత ఆరునెలలు ఆగమనడం వాడుకలో ఉన్న జాగ్రత్త.

ఇక పాతికేళ్ళ లోపువారు. వారి జుట్టు ఇంకా ఏ దారిన పోతుందో తేలలేదు. ముందు మందులు వాడి ఒకటి రెండేళ్ళు చూడడం మేలు. అద్దంలో మిగతావారికి కనిపించని లోపాన్ని గంటలకొద్దీ చూసుకుంటూ, బయటికి రావడం మానుకున్న పిల్లవానికి కావలసినది సూది కాదు, మానసిక వైద్యుడు. ఎంత బాగా చేసినా అతనికి తృప్తి కలుగదు, గీత కిందికి ఇంకా కిందికి దించమంటాడు.

చేయించుకోదలచినవారు చేసే చోట కొన్ని సంగతులు కళ్ళతో చూసి నిర్ధారించుకోండి. సూది మీ ముందే కొత్త పొట్లం నుండి తీయాలి, మీ పని అయ్యాక పారవేయాలి. రంగును పెద్ద సీసాలో ముంచి వాడకుండా మీకోసం వేరుగా చిన్న గిన్నెలో పోయాలి. చేతి తొడుగులు మార్చాలి. హెపటైటిస్-బి, సి సూదుల ద్వారా వ్యాపించే వ్యాధులని మరువవద్దు. చేసినవెంటనే తీసిన ఫొటోలకు బదులు, కనీసం రెండేళ్ళు గడిచినవారి తలలను పగటి వెలుతురులో చూపమని అడగండి. పలుచబడిన తరువాతి రూపమే మీకు దక్కే రూపం. చేయించుకున్న తరువాత పన్నెండు నెలలు రక్తదానం చేయరాదు. ఎమ్మారై తీయించుకోవలసి వస్తే తలమీద రంగు చుక్కలున్నాయని అక్కడి సిబ్బందికి ముందే చెప్పండి.

మీ తలచర్మం విషయంలో అనుమానమేదైనా ఉంటే ముందుగా కరీంనగర్, ఆదిలాబాద్ ప్రభుత్వ ఆసుపత్రులలో చర్మవ్యాధుల విభాగానికి వెళ్ళి చూపించుకోండి. పోయేటప్పుడు నెత్తికి నూనె రాసుకోకండి, నూనె పొరలో కుదుళ్ళ చుట్టూ ఉన్న ఎరుపు కనిపించదు.